పరిశోధన అంశాన్ని ఎంచుకోవడం ఎలా? పాత అధ్యయనాల పటం గీసి ఖాళీని పట్టుకునే పద్ధతి, నల్లగొండ ఫ్లోరైడ్ ఉదాహరణతో

ఎమ్మెస్సీ ప్రాజెక్టు అయినా, ఎంపీహెచ్ డిసర్టేషన్ అయినా, పీహెచ్‌డీ సినాప్సిస్ అయినా విద్యార్థులు ఎక్కువగా ఆగిపోయేది ఒకే చోట. "ఇందులో ఇంకా ఎవరూ చేయనిది ఏముంది?" అని గైడ్ అడుగుతారు, దానికి జవాబు ఉండదు. నాలుగు పేపర్లు తిరగేసి "మా మండలంలో ఎవరూ చేయలేదు" అని రాసేస్తారు. అది ఖాళీ కాదు, ఊరి పేరు మార్చడం మాత్రమే.

ఉన్న అధ్యయనాలన్నిటినీ ఒక పట్టికలో పరిచి, ఎక్కడ కిక్కిరిసి ఉన్నాయో, ఎక్కడ లేవో చూసి అంశం ఎంచుకునే పద్ధతి ఇది. పట్టికలో ఖాళీ గడి కనిపించడం సగం పని. అది ఎందుకు ఖాళీగా ఉందో తేల్చడమే మిగతా సగం, కష్టమైన సగం కూడా అదే. అందుకే ఆరో అంచెకు ఎక్కువ చోటు ఇచ్చాం.

ఉదాహరణగా నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడ్ సమస్యను మొదటి నుంచి చివరి దాకా తీసుకున్నాం. దశాబ్దాలుగా పేపర్లు వస్తున్న విషయం కనుక "ఇక ఏమీ మిగల్లేదు" అనిపిస్తుంది. పద్ధతి పనిచేస్తుందో లేదో చూడాలంటే అలాంటి విషయమే మంచిది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఈ పనికి మూడు నుంచి నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం వెతకడానికి, తర్వాతి రెండు వారాలు చదివి పట్టిక నింపడానికి, చివరి వారం ఖాళీలను పరీక్షించడానికి. వారంలో ముగించాలని చూస్తే పేపర్ల సారాంశాలు మాత్రమే చదువుతారు. సారాంశాల్లో ఖాళీలు కనబడవు.

వెతకడం మొదలుపెట్టక ముందే మీ పరిమితులను ఒక కాగితం మీద రాసుకోండి. అంశం నచ్చాక రాస్తే మనసు వాటిని సాగదీస్తుంది.

- [ ] ఫీల్డ్ పనికి చేతిలో ఉన్న నెలలు, సెలవులూ పరీక్షలూ తీసేశాక
- [ ] డిపార్ట్‌మెంటులో నిజంగా పనిచేస్తున్న పరికరాలు. జాబితాలో ఉన్నవి కాదు
- [ ] సొంతంగా పెట్టుకోగల ఖర్చు: ప్రయాణం, రసాయనాలు, పరీక్షల రుసుము
- [ ] కావలసిన అనుమతులు: ఎథిక్స్ కమిటీ, బడి, విద్యాశాఖ, పంచాయతీ
- [ ] పేపర్లు దాచుకోవడానికి జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్
- [ ] మూడు షీట్లున్న ఒక స్ప్రెడ్‌షీట్: వెతుకులాట చిట్టా, పేపర్ల పట్టిక, గడుల పటం

## 2. విషయానికి హద్దులు గీయడం

"ఫ్లోరైడ్" అంటే వేల పేపర్లు వస్తాయి. "మర్రిగూడ మండలంలో బాలికల పళ్ల మీద మచ్చలు" అంటే రెండో మూడో వస్తాయి. రెంటితోనూ పటం గీయలేం. వడపోత అయ్యాక 40 నుంచి 100 అధ్యయనాలు మిగిలేలా హద్దులు ఉండాలి. 40కి తక్కువైతే ఎక్కడ చూసినా ఖాళీగానే ఉంటుంది. 100 దాటితే ఒక్కరే నాలుగు వారాల్లో చదవలేరు.

మూడు హద్దులు చాలు: చోటు, కొలిచిన వస్తువు, కాలం. మన ఉదాహరణలో చోటు పాత నల్లగొండ జిల్లా. కొలిచిన వస్తువు నీరు, తిండి, మనిషి లేదా పశువు శరీరంలో ఫ్లోరైడ్, దాని ప్రభావం. కాలానికి కింది హద్దు పెట్టనక్కర్లేదు.

చోటు విషయంలో చాలామంది దెబ్బతింటారు. 2016 అక్టోబరులో పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. 2014 జూన్‌కు ముందు ఇదంతా ఆంధ్రప్రదేశ్. 2008 నాటి పేపర్లో "నల్లగొండ" అని ఉంటే అది ఈనాటి సూర్యాపేటలోని ఊరు కావచ్చు. సంస్థాన్ నారాయణపురం ఇప్పుడు యాదాద్రి కింద ఉంది, పాత పేపర్లలో నల్లగొండే. కాబట్టి పట్టికలో జిల్లాకు బదులు ఊరు, మండలం పేరు రాయండి. లేకపోతే కొత్తగా ఏర్పడిన రెండు జిల్లాల్లో నిజానికి లేని ఖాళీలు పుట్టుకొస్తాయి.

## 3. వెతకడం

పబ్‌మెడ్‌తో మొదలుపెట్టండి. ఈ వరుస అలాగే అతికించి చూడవచ్చు:

```
(fluoride[tiab] OR fluorosis[tiab] OR defluoridation[tiab])
AND (Nalgonda[tiab] OR Telangana[tiab] OR "Andhra Pradesh"[tiab])
```

`[tiab]` అన్న గుర్తు పదాన్ని శీర్షికలోనూ సారాంశంలోనూ రచయితలు ఇచ్చిన కీలక పదాల్లోనూ మాత్రమే వెతకమని చెబుతుంది. అది తీసేస్తే రచయితల చిరునామాలు కూడా లెక్కలోకి వస్తాయి. అప్పుడు హైదరాబాద్ డెంటల్ కాలేజీలో పనిచేసే ఎవరో టూత్‌పేస్టు మీద రాసిన పేపర్లన్నీ వచ్చి పడతాయి. ఫలితాల్లో సగానికి పైగా మీ ప్రాంతానికి సంబంధం లేనివి కనిపిస్తే ముందు ఈ గుర్తులు చూసుకోండి.

ఇంకో చిక్కు నల్లగొండకే ప్రత్యేకం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరు ప్రపంచమంతా స్థిరపడింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన పద్ధతి అది. దాంతో ఇథియోపియా, టాంజానియా నీళ్ల మీద జరిగిన అధ్యయనాలు కూడా మీ జాబితాలోకి వస్తాయి. వాటిని `NOT "Nalgonda technique"` అని ఒక్క వేటున తీసేయకండి. నల్లగొండ ఊళ్లలోనే ఆ పద్ధతిని పరీక్షించిన పేపర్లు కూడా ఎగిరిపోతాయి. శీర్షికలు చూస్తూ చేత్తోనే ఏరేయండి.

పబ్‌మెడ్‌లో వైద్యం వైపు అధ్యయనాలు ఎక్కువ. భూగర్భ జలాలు, నేల, ఇంజినీరింగ్ వైపు వాటి కోసం గూగుల్ స్కాలర్‌లో విడిగా వెతకాలి. అక్కడ ప్రతి వెతుకులాటకు మొదటి 200 ఫలితాల శీర్షికలు చూస్తే చాలు. మండలాల పేర్లను ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తారు: `Marriguda`, `Marrigudem`, `Munugode`, `Munugodu`. ప్రతి రూపంతోనూ ఒకసారి వెతకండి.

తర్వాత శోధ్‌గంగ. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు అందులో దొరుకుతాయి, పేపరుగా అచ్చుకాని డేటా వాటిలో చాలా ఉంటుంది. దాని పక్కనే శోధ్‌గంగోత్రి ఉంది. ఆమోదం పొంది ఇంకా పూర్తికాని పరిశోధనల సినాప్సిస్‌లు అక్కడ పెడతారు. మీరు ఖాళీ అనుకున్న గడిలో మరొకరు ఇప్పటికే పని మొదలుపెట్టారేమో చూడవలసిన చోటు అదే. ఈ అంచెను వదిలేయకండి.

చివరగా, బాగా పేరున్న ఒకటి రెండు పాత పేపర్లు పట్టుకుని వాటిని ఉటంకించిన వాళ్లను వెతకండి. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో రాసిన పేపర్ అలాంటిది. గూగుల్ స్కాలర్‌లో దాని కింద ఉండే `Cited by` నొక్కి, వచ్చిన జాబితాలో `Search within citing articles` ఎంచుకుని `Nalgonda` అని కొడితే, మాటలతో వెతికినప్పుడు దొరకనివి బయటపడతాయి.

ఎప్పుడు ఆపాలి? వరుసగా రెండు కొత్త వెతుకులాటల్లో జాబితాలో లేని పేపర్ ఒక్కటి కూడా రానప్పుడు. ప్రతిసారీ తేదీ, ఎక్కడ వెతికారు, కొట్టిన వరుస, వచ్చినవి ఎన్ని, ఉంచుకున్నవి ఎన్ని అని చిట్టా షీట్‌లో రాయండి. రేపు వైవాలో "ఎవరూ చేయలేదని ఎలా చెబుతున్నారు?" అని అడిగితే చూపించవలసింది ఈ షీటే.

## 4. చదివి పట్టికలోకి ఎక్కించడం

ఒక్కో పేపర్‌కు పావుగంట చాలు, మొదటి నుంచి చదవనక్కర్లేదు. ముందు పద్ధతుల భాగం, తర్వాత ఫలితాల పట్టికలు, చివరగా రచయితలు తమ అధ్యయనంలోని లోటుపాట్లు చెప్పుకున్న పేరా. ఉపోద్ఘాతం దాదాపు అందరిదీ ఒకటే, వదిలేయండి.

పట్టికలో ఈ నిలువు వరుసలు పెట్టండి:

- ఊళ్లు, మండలాలు
- డేటా సేకరించిన సంవత్సరం
- అచ్చయిన సంవత్సరం
- ఎవరిని లేదా దేన్ని కొలిచారు, వయసుతో సహా
- ఎన్ని నమూనాలు
- ఏం కొలిచారు, ఏ పద్ధతితో
- పోల్చడానికి మరో గుంపు ఉందా
- ముఖ్య ఫలితం, ఒక వాక్యంలో
- రచయితలే ఒప్పుకున్న లోటు
- మీకు తోచిన సందేహం

రెండో వరుసను ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. డేటా తీసిన ఏడాదికీ అచ్చయిన ఏడాదికీ మధ్య మూడు నాలుగేళ్ల తేడా మామూలే. నల్లగొండ విషయంలో ఈ తేడా పటాన్నే మార్చేస్తుంది. మిషన్ భగీరథ 2016 ఆగస్టులో మొదలై, ఆ తర్వాత ఊరూరికీ వేర్వేరు సమయాల్లో నదీ జలాలు అందాయి. 2019లో అచ్చయిన పేపర్‌లోని నీటి నమూనాలు 2015వి అయితే అది పాత కాలపు పేపరే. సేకరించిన ఏడాది రాయకపోతే ఆ గడిలో "తెలియదు" అని పెట్టండి, అచ్చయిన ఏడాదితో పూడ్చకండి.

ఒకే సర్వే నుంచి రెండు మూడు పేపర్లు రావడం కూడా మామూలే. ఊళ్లు, సంవత్సరం, నమూనాల సంఖ్య మూడూ ఒకటైతే పట్టికలో ఒకే అధ్యయనంగా లెక్కపెట్టండి. లేకపోతే పలుచగా ఉన్న చోటు కూడా నిండుగా కనిపిస్తుంది.

నీటి ఫలితాలను నమోదు చేసేటప్పుడు ప్రమాణం గమనించండి. మన ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అనుమతిస్తారు. ఒకరు 1.0 పైన ఉన్నవన్నీ "ఎక్కువ" అంటారు, ఇంకొకరు 1.5 పైన ఉన్నవే అంటారు. ఆ మాటను ఎత్తి రాయకుండా అంకెనే రాయండి.

## 5. గడుల పటం గీయడం

ఇప్పుడు మూడో షీట్‌లో అడ్డంగా ఒక కోణం, నిలువుగా ఒక కోణం పెట్టి, ప్రతి గడిలో ఎన్ని అధ్యయనాలు పడ్డాయో రాయండి. ఒక్క పటంతో ఆగకండి, కోణాలు మార్చి కనీసం మూడు గీయండి. కొలిచినది × వయసు, కొలిచినది × మండలం, కొలిచినది × డేటా కాలం.

ఊరూ వయసూ పెట్టిన పటాల్లో కనబడనిది కాలం పెట్టిన పటంలో కనిపించవచ్చు. కింది పట్టిక అలాంటి దానికి మచ్చు. ఇందులోని మాటలు పద్ధతి చూపడానికి ఊహించి వేసినవి. మీ గడులు మీ వెతుకులాట ఫలితాలతోనే నిండాలి.

| కొలిచినది | డేటా 2016కు ముందు | 2016–2019 | 2020 తర్వాత |
|---|---|---|---|
| బావులు, బోర్ల నీరు | చాలా | చాలా | కొన్ని |
| 12–15 ఏళ్ల పిల్లల పళ్లు | చాలా | కొన్ని | కొన్ని |
| 7–9 ఏళ్ల పిల్లల పళ్లు | కొన్ని | ఒకటి | లేవు |
| మూత్రంలో ఫ్లోరైడ్ | కొన్ని | ఒకటి | ఒకటి |
| పెద్దల ఎముకల ఎక్స్‌రే | కొన్ని | లేవు | లేవు |
| బోరు నీటితో పండిన తిండి | ఒకటి | లేవు | లేవు |
| పశువులు | లేవు | లేవు | లేవు |

"చాలా" అని ఉన్న గడుల్లో మరో 30 బోర్ల నీళ్లు కొలిచి చేర్చడం వల్ల కొత్తగా తెలిసేదేమీ ఉండదు. గ్రానైటు రాతి నేల, క్షార గుణం, తక్కువ కాల్షియం ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతుందని ఇప్పటికే బాగా తెలుసు. ఖాళీగా ఉన్న గడులన్నీ పనికొచ్చేవి కావు. అందుకే తర్వాతి అంచె.

## 6. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంది?

గడి ఖాళీగా ఉండడానికి నాలుగు కారణాలు ఉండవచ్చు. ప్రతి ఖాళీ గడినీ ఈ నాలుగింటితో వరుసగా పరీక్షించండి. వరుస ముఖ్యం, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు తేలకుండా మిగతావి అడిగితే శ్రమ వృథా.

మొదటిది: మీరు సరిగా వెతకలేదు. పశువుల వరుస చూడండి. మూడు గడులూ ఖాళీ. కానీ పశువైద్య పత్రికలు వాడే మాటలు వేరు. `cattle`, `bovine`, `buffalo`, `livestock`, `goats` అన్న మాటలతో మళ్లీ వెతికే దాకా ఆ వరుసను ఖాళీ అనకూడదు. ఖాళీ గడి కనిపించగానే ఆ రంగంలో పనిచేసే వాళ్లు వాడే పదాలతో మరోసారి వెతకడం తప్పనిసరి. ఖాళీలు పూడిపోయేది ఎక్కువగా ఇక్కడే. పూడిపోతే మంచిదే, సినాప్సిస్ సమర్పించాక తెలియడం కంటే ఇప్పుడే తెలిసింది.

రెండోది: ఎవరికీ అవసరం లేదు. ఆ గడిలో ఏ ఫలితం వచ్చినా ఎవరి అవగాహనా, ఏ నిర్ణయమూ మారదనుకుందాం. అది ఖాళీగానే ఉండనివ్వండి. పరీక్ష సులువు: "ఫలితం ఇలా వస్తే ఇది చేయాలి, అలా వస్తే అది చేయాలి" అని రెండు వాక్యాలు రాయండి. రెండు వాక్యాలూ ఒకటే అయితే ఆ అంశం వదిలేయండి.

మూడోది: చేయడం కుదరదు. ఎముకల ఎక్స్‌రే గడి ఇలాంటిది. జబ్బు లేని మనిషికి కేవలం పరిశోధన కోసం ఎక్స్‌రే తీయడానికి ఎథిక్స్ కమిటీ తేలిగ్గా ఒప్పుకోదు. ఖర్చు కూడా విద్యార్థి భరించగలిగేది కాదు. తిండి గడి ఇంకో రకం. అది నిజంగా తెలుసుకోవలసిన విషయం: తాగే నీళ్లు మారినా పొలానికి బోరు నీళ్లే పారుతుంటే వడ్ల ద్వారా, ఆకుకూరల ద్వారా ఎంత ఫ్లోరైడ్ ఒంట్లోకి వెళ్తోంది? కానీ ఆహారంలోంచి ఫ్లోరైడ్‌ను పూర్తిగా బయటికి తీసి కొలవడం నీటిని కొలిచినంత తేలిక కాదు. క్షారంతో కరిగించడమో, సూక్ష్మ విసరణ పద్ధతో కావాలి, నమూనాను బూడిద చేసేటప్పుడు కొంత ఫ్లోరైడ్ పోయే ప్రమాదం ఉంది. ఆ పని అలవాటున్న ల్యాబ్ దొరికితే పీహెచ్‌డీకి మేలైన అంశం. ఆరు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మాత్రం కాదు.

నాలుగోది: అవసరం ఉంది, చేయవచ్చు, ఇంకా ఎవరూ చేయలేదు. మీకు కావలసింది ఇదే. ఇందులోనూ ఒక ఉపరకం మరింత విలువైనది: నిన్నటి దాకా కుదరనిది, ఇవాళ కుదురుతున్నది. పట్టికలో 7–9 ఏళ్ల పిల్లల వరుస చివరి గడి అలాంటిది.

పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు పడేది పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే. ముందరి పై రెండు శాశ్వత దంతాల పైభాగం పుట్టిన కొద్ది నెలలకే రూపుదిద్దుకోవడం మొదలై, నాలుగైదేళ్లకు పూర్తవుతుంది. అవి నోట్లో బయటపడేది ఏడెనిమిదేళ్లకు. కాబట్టి ఈ పళ్లు బిడ్డ పసితనంలో తాగిన నీటి గురించి చెబుతాయి, నిన్న తాగిన నీటి గురించి కాదు.

ఊళ్లోకి భగీరథ నీళ్లు 2018లో వచ్చాయనుకుందాం. ఆ ఏడాది పుట్టిన బిడ్డకు ముందరి పై పళ్లు కనిపించేది 2025, 2026 ప్రాంతంలో. అంతకు ముందు ఎంత గొప్ప దంతవైద్యుడు వెళ్లినా ఆ ఊళ్లో శాశ్వత దంతాల్లో మార్పు కనిపించే వీలు లేదు. 2021లో పన్నెండేళ్ల పిల్లలను చూసి "నీళ్లు మారినా మచ్చలు తగ్గలేదు" అని ఎవరైనా రాస్తే, ఆ పిల్లల పళ్లు ఏర్పడింది నీళ్లు మారక ముందు. వాళ్ల ఫలితం నిజమే, దాన్నుంచి తీసిన ముగింపు చెల్లదు. పట్టికలో ఇలాంటి పేపర్ దొరికితే "మీకు తోచిన సందేహం" గడిలో రాసి పెట్టుకోండి, మీ సినాప్సిస్‌కు అదే ఆయువుపట్టు.

## 7. ఖాళీని ప్రశ్నగా మార్చడం

"భగీరథ ప్రభావం" అనేది ప్రశ్న కాదు. ప్రశ్నలో ఎవరు, ఎక్కడ, దేనితో పోల్చి, ఏం కొలిచి అన్నవి నాలుగూ ఉండాలి. మన ఉదాహరణలో ఇలా వస్తుంది: *గతంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మునుగోడు, మర్రిగూడ మండలాల ఊళ్లలో, కుళాయి నీరు వచ్చాక పుట్టిన పిల్లల ముందరి పై శాశ్వత దంతాల మీద ఫ్లోరోసిస్, అదే ఊళ్లలో నీరు రావడానికి ఐదారేళ్ల ముందు పుట్టిన పిల్లలతో పోలిస్తే తక్కువగా ఉందా?*

ప్రశ్న రాయగానే అందులోని బలహీనతలు వెతకండి. ఇక్కడ నాలుగు ఉన్నాయి.

నీరు నిజంగా ఎప్పుడు వచ్చింది. పథకం మొదలైన తేదీ పనికిరాదు, ఊరి కుళాయిల్లో నీళ్లు పారిన నెల కావాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం రికార్డు, పంచాయతీ చెప్పే తేదీ, ఇళ్లలో అడిగితే వచ్చే జవాబు మూడూ సరిచూడండి. భగీరథకు ముందే కృష్ణా నీళ్లు అందిన ఊళ్లు కూడా ఉన్నాయి. అలాంటి ఊళ్లను కలిపేస్తే "ముందు" గుంపులో కూడా మచ్చలు తక్కువగా ఉండి తేడా కనిపించదు.

ఏ నీళ్లు తాగారు. కుళాయి వచ్చినా ఫిల్టరు నీళ్ల క్యాన్లు కొనే ఇళ్లు ఉంటాయి, బోరు నీళ్ల రుచి మరిగి అవే తాగేవాళ్లూ ఉంటారు. బిడ్డ మొదటి మూడేళ్లలో తాగిన నీరు, వంటకు వాడిన నీరు విడివిడిగా అడగండి. తల్లి కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఏడాది అక్కడే ఉంటే ఆ బిడ్డను లెక్కలోంచి తీయాలి. ముందే అడగకపోతే తర్వాత సరిదిద్దలేరు.

వయసు తేడా. పెద్ద పిల్లల పళ్లు ఎక్కువ కాలం నోట్లో ఉండడం వల్ల మచ్చలు గోధుమ రంగుకు తిరగవచ్చు, కొంత అరగవచ్చు. అందుకే రంగును కాదు, పంటిపై పొర ఎంత మేర తెల్లబారింది, గుంటలు పడ్డాయా అన్నది చూసే డీన్ సూచిక ప్రకారం మార్కులు వేయాలి. రెండు గుంపుల్లోనూ అవే రెండు పళ్లు చూడాలి. అయినా ఈ లోటు పూర్తిగా పోదు. సినాప్సిస్‌లో దాచకుండా రాయండి.

చూసేవాళ్ల పక్షపాతం. చిన్న పిల్లాడు కనబడగానే "వీడికి తక్కువే ఉంటుంది" అనిపిస్తుంది. పళ్లకు మాత్రమే దగ్గరగా ఫొటోలు తీసి, పిల్లల వయసు తెలియని ఇద్దరితో విడివిడిగా మార్కులు వేయించండి. ఇద్దరి మధ్య పొంతనను కాపా విలువతో చూడండి. అది 0.6 కంటే తగ్గితే మళ్లీ శిక్షణ తీసుకుని మొదటి నుంచి వేయాలి.

నమూనా ఎంత కావాలో కూడా ఇప్పుడే లెక్కవేయండి, అంశం నిలుస్తుందో లేదో చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. పాత గుంపులో 50 శాతానికి, కొత్త గుంపులో 30 శాతానికి మచ్చలు ఉంటాయని అనుకుంటే, 80 శాతం పవర్, 5 శాతం ప్రాముఖ్య స్థాయితో గుంపుకు సుమారు 93 మంది కావాలి. ఒకే ఊరి పిల్లలు ఒకేలా ఉంటారు కనుక దాన్ని 1.5తో గుణిస్తే 140. తేడా 50కి 40 శాతమే అనుకుంటే గుణించక ముందే గుంపుకు సుమారు 390 అవుతుంది. ఈ శాతాలు లెక్క చూపడానికి తీసుకున్నవి. మీ అంచనాను పట్టికలోని పాత అధ్యయనాల నుంచి తీయండి.

## 8. చిన్న ట్రయల్

సినాప్సిస్ రాయక ముందు, గైడ్‌తో మాట్లాడి, బడి అనుమతీ తల్లిదండ్రుల సమ్మతీ తీసుకుని, ఒక్క బడిలో 20 మంది పిల్లలతో ప్రయత్నించండి. ట్రయల్‌కు కూడా ఎథిక్స్ అనుమతి కావాలా అని మీ సంస్థలో ముందే అడగండి. చూడవలసింది ఫలితం కాదు. ముందరి పళ్లు పూర్తిగా బయటపడిన పిల్లలు ఎంతమంది? పసితనంలో తాగిన నీళ్ల గురించి తల్లులు ఖాయంగా చెప్పగలుగుతున్నారా? ఫొటోలో తడి పంటి మెరుపు అడ్డం వస్తోందా?

ఇరవై మందిలో సగం మందికి పళ్లు సగమే వచ్చి ఉంటే వయసు హద్దును పెంచి ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలనే తీసుకోండి. ఆ ఊళ్లో ఆ వయసు పిల్లలు నీళ్లు రాక ముందే పుట్టారని తేలితే ఒకటి రెండేళ్లు ఆగాల్సిన అంశం అది. అప్పుడు నీళ్లు ముందుగా వచ్చిన ఊళ్లకు మారండి, లేదా రెండో ఎంపికను తీయండి.

రెండో ఎంపిక ఎప్పుడూ ఒకటి ఉంచుకోవాలి, అది కూడా అదే పటంలోంచి. మన పట్టికలో మూత్రంలో ఫ్లోరైడ్ గడి అందుకు పనికొస్తుంది. అది ఇటీవల ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌ను చూపిస్తుంది కనుక ఏళ్లు ఆగనక్కర్లేదు. కుళాయి ఉన్న ఇళ్లలో కూడా బోరు నీటి వాడకం ఎంత మిగిలిందో దానితో చెప్పవచ్చు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ పనిచేస్తున్న ల్యాబ్ ఉంటే చాలు. నమూనాలను గాజు సీసాల్లో కాక పాలిథిన్ సీసాల్లోనే తీయాలి, గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది.

## 9. గైడ్ ముందు పెట్టే కాగితం

పటం, పట్టిక, చిట్టా అన్నీ తీసుకెళ్లండి, కానీ మొదట చేతికి ఇచ్చేది ఒక్క పేజీయే. అందులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- [ ] ప్రశ్న, ఒకే వాక్యంలో
- [ ] ఏ తేదీ దాకా ఎక్కడెక్కడ వెతికారు, ఎన్ని అధ్యయనాలు పటంలో ఉన్నాయి
- [ ] ఈ గడికి దగ్గరగా వచ్చిన రెండు మూడు అధ్యయనాలు, అవి ఎక్కడ ఆగాయి
- [ ] గడి ఇన్నాళ్లూ ఎందుకు ఖాళీగా ఉంది, ఇప్పుడు ఎందుకు కుదురుతుంది
- [ ] ఫలితం రెండు వైపులా ఎలా వచ్చినా దానితో ఎవరు ఏం చేయగలరు
- [ ] నమూనా లెక్క, అందులో అనుకున్న శాతాలు ఎక్కడివి
- [ ] సరిదిద్దలేని లోటు ఒకటి, దాచకుండా
- [ ] రెండో ఎంపిక, మూడు వాక్యాల్లో

"ఇది ఎప్పుడో చేశారమ్మా" అని గైడ్ అంటే కంగారు పడకుండా ఆ పేపర్ పేరు అడిగి రాసుకోండి. అది పట్టికలో ఉంటే డేటా సేకరించిన ఏడాది, పిల్లల వయసు చూపించండి. పట్టికలో లేకపోతే చిట్టాలో ఏ వెతుకులాట దాన్ని వదిలేసిందో కనుక్కుని, ఆ మాటలతో మళ్లీ వెతికి, పటం సవరించుకున్నాకే రెండోసారి కలవండి.